కొనని 637 మంది కోసం రాసే డీల్ పోస్టు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ షాపులవాళ్లు నడిపే టెలిగ్రామ్ ఛానెళ్లు వరసగా చూస్తే అన్నీ ఒకే గొంతుతో అరుస్తున్నట్టు ఉంటాయి. లూట్ డీల్, త్వరపడండి, స్టాక్ అయిపోతోంది, పక్కన అరడజను మంట బొమ్మలు, చివర్లో "రేటు కోసం మెసేజ్ చేయండి". కొత్తలో జనం గబగబా చేరతారు. రెండు నెలలు తిరిగేసరికి షాపతను "ఆరొందల మంది ఉన్నారు గురూ, ఒక్కడూ పలకడు" అంటాడు.

ఈ గొంతు మన షాపులది కాదు, కమీషన్ ఛానెళ్లది. పెద్ద ఆన్‌లైన్ దుకాణాల లింకులు పెట్టి, ఎవరైనా ఆ లింకు మీద కొంటే కొంత తీసుకునే ఛానెళ్లు రోజుకి నలభై పోస్టులు పెట్టినా వాళ్లకి నష్టం లేదు. సరుకు వాళ్లది కాదు, గోడౌను వాళ్లది కాదు, ఒక వస్తువుని ఎంతమంది కొన్నా అయిపోయే బాధ లేదు. లక్షమందిలో వందమంది నొక్కినా వాళ్లకి గిట్టుతుంది. కొత్తగా ఛానెల్ పెట్టుకున్న షాపతనికి కళ్లముందున్న నమూనా అదే కాబట్టి అదే పట్టుకుంటాడు. అయితే అతని లెక్క పూర్తిగా వేరు.

ఒక షాపు ఊహించుకుందాం. రాయగడ బజారులో చిన్న గది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన సీటీసీ నుంచి తెచ్చిన వాడిన ల్యాప్‌టాప్‌లు, ఇటూ అటూ కొన్న పాత ఫోన్లు, ఛార్జర్లు, స్పీకర్లు అమ్ముతాడు. ఛానెల్‌లో 640 మంది. ఈసారి ఒకే రకం ల్యాప్‌టాప్‌లు 3 తెచ్చాడు. పోస్టు ఎంత బ్రహ్మాండంగా ఉన్నా కొనగలిగేది ముగ్గురే. మిగతా 637 మంది ఆ పోస్టు చదివి ఊరుకోవలసినవాళ్లే. ప్రతి పోస్టులోనూ ఇదే జరుగుతుంది.

ఛానెల్ బతుకు ఆ 637 మంది మీదే ఉంటుంది, ఎందుకంటే వచ్చే నెల ముగ్గురు రావలసింది వాళ్లలోంచే. ఫోను మోగింది, చూశారు, తమకి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇలా నాలుగైదు సార్లు అయితే వాళ్లు ఛానెల్ వదిలి వెళ్లరు, మ్యూట్ చేసేస్తారు. వదిలెయ్యాలంటే ఒక నిర్ణయం తీసుకోవాలి, మ్యూట్‌కి వేలితో ఒక్క తాకు చాలు. పైన అంకె 640 అలాగే కనబడుతుంటుంది. అందుకే షాపతనికి విషయం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కాబట్టి పోస్టు రాసే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈరోజు కొనని మనిషికి ఈ పోస్టు వల్ల ఏం ముట్టింది? ఆ మూడు ల్యాప్‌టాప్‌ల కథే మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూద్దాం.

సరుకు రాకముందు

సికింద్రాబాద్ వెళ్లే ముందు ఛానెల్‌లో ఒక పోల్ పెట్టాలి. "పదిహేను నుంచి ఇరవై వేలలో ఈసారి ఏం తెమ్మంటారు?" అని అడిగి నాలుగు ఎంపికలు ఇస్తే చాలు: చదువుకి ల్యాప్‌టాప్, షాపు బిల్లింగుకి కంప్యూటర్, వాడిన ఫోను, టీవీ. టెలిగ్రామ్ ఛానెల్‌లో పోల్ ఎప్పుడూ పేరు తెలియని పోలే. ఎవరు దేనికి ఓటేశారో షాపతనికి కనబడదు, మొత్తాలే కనబడతాయి. అందుకని పోల్ కింద ఒక వాక్యం ఉండాలి: "నిజంగా కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఒక్క మెసేజ్ పెట్టండి, సరుకు రాగానే ముందు మీకే చెబుతాను."

యాభై ఓట్లు పడి నాలుగు మెసేజ్‌లు వస్తే సరుకు తేవలసింది ఆ నాలుగు మెసేజ్‌లని చూసి. ఓటు ఊరికే వేస్తారు. అలాగని పోల్ దండగ కాదు. ఓటేసినవాడికి "ఏం తెస్తాడో చూద్దాం" అన్న ఆసక్తి ఒకటి మొదలవుతుంది. మూడు రోజుల తర్వాత ల్యాప్‌టాప్‌ల పోస్టు వస్తే, తాను కొనకపోయినా, తన మాట లెక్కలోకి వచ్చిందని అతనికి అర్థమవుతుంది.

ఈ పోల్‌ని చప్పుడు లేకుండా పంపాలి. టెలిగ్రామ్‌లో పంపే బాణం గుర్తుని నొక్కి పట్టుకుంటే శబ్దం లేకుండా పంపే అవకాశం వస్తుంది, ఫలానా టైముకి వెళ్లేలా పెట్టుకునే అవకాశం కూడా అక్కడే ఉంటుంది. చాలామంది షాపులవాళ్లు ఈ రెండూ వాడరు. నా లెక్కలో ఫోను మోగించే హక్కు డీల్ పోస్టుకి ఒక్కదానికే ఉంది. పోల్, అమ్ముడైన కబురు, పండగ శుభాకాంక్షలు, షాపు సెలవు కబురు, ఇవన్నీ చప్పుడు లేకుండా వెళ్లాలి. మోగిందంటే సరుకు వచ్చినట్టే అని జనానికి అలవాటైతే మ్యూట్ చెయ్యబుద్ధి కాదు.

అసలు పోస్టు

శుక్రవారం సాయంత్రం పెట్టవలసిన పోస్టు ఇలా ఉంటే బాగుంటుంది:

> L3 – డెల్ లాటిట్యూడ్ 5490 ల్యాప్‌టాప్, ₹18,500
> వాడినది. మొత్తం 3 ఉన్నాయి. ఈ రేటు ఆదివారం, నవంబర్ 16 రాత్రి 9 వరకు.
> ఐ5 8వ తరం, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 14 అంగుళాల తెర. విండోస్ 11 వేసి ఉంది.
> లోపాలు: మూడింటికీ మూత మీద గీతలు (2వ ఫొటో). బ్యాటరీ కొత్తదానిలో 75% మిగిలింది (3వ ఫొటో).
> కాలేజీ పనికి, టైపింగుకి, ఆన్‌లైన్ క్లాసులకి బాగుంటుంది. పెద్ద గేములకి పనికిరాదు.
> షాపు గ్యారంటీ 1 నెల. బ్యాటరీకి, పగిలితే తెరకి గ్యారంటీ లేదు.
> ₹500 అడ్వాన్సు ముందు ఎవరు వేస్తే వాళ్లకి. 24 గంటలు ఆపి ఉంచుతాం.

ఇందులో ఒక్కో వరస ఎందుకుందో చూద్దాం. మొదటి వరసలో వస్తువు, రేటు ఉన్నాయి. నోటిఫికేషన్‌లో కనబడేది ఆ ముక్కే. అక్కడ "శుభవార్త! శుభవార్త!" అని ఉంటే అవసరం లేనివాడు కూడా లోపలికొచ్చి చూడాలి, చూసి విసుక్కోవాలి. వస్తువు, రేటు కనబడితే అక్కర్లేనివాడికి రెండు సెకన్లలో పని అయిపోతుంది. అతని సమయం తినకపోవడం కూడా అతనికి ఇచ్చిందే.

రేటు దాచే అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. షాపతనికి భయాలు లేకపోలేదు. పక్క షాపువాడు చూసి వంద తగ్గించి పెడతాడేమో, పోస్టులో రేటు చూసి వచ్చినవాడు అక్కడి నుంచే బేరం మొదలెడతాడేమో. రెండూ జరుగుతాయి, నిజమే. కానీ రేటు దాస్తే ముప్ఫై మంది "రేటెంత?" అని అడుగుతారు, సాయంత్రమంతా దానికి జవాబు రాయడంతోనే సరిపోతుంది, వాళ్లలో ఇరవై ఏడుగురు జవాబు చూసి ఊరుకుంటారు. అడగడానికి మొహమాటపడ్డ మిగతా ఆరొందల మందికి ఏమీ తెలియదు. రేటు బయటపెడితే ఆ ఆరొందల మందీ "ఓహో, 8వ తరం ల్యాప్‌టాప్ వాడినది పద్దెనిమిదిన్నరకి వస్తోంది" అని తెలుసుకుంటారు. బావమరిది కొడుకు కాలేజీలో చేరినప్పుడు ఆ అంకే గుర్తొస్తుంది. కొననివాడికి ముట్టేవాటిలో మొదటిది రేటు తెలియడం.

బేరం సంగతి వేరుగా చూసుకోవాలి. మన వైపు బేరమాడకుండా కొంటే కొన్నట్టే ఉండదు. కొన్న ధర 14,800, దారి ఖర్చులో వాటా 300, శుభ్రం చేసి, ప్రాసెసర్ మీది పేస్టు మార్చి, ఛార్జర్ కలిపితే 650, గ్యారంటీ కింద ఏదైనా చెడితే అని పక్కన పెట్టేది 400. మొత్తం 16,150 అనుకుందాం. 18,500కి అమ్మితే ఒక్కోదాని మీద 2,350 మిగులుతుంది. ఇందులోంచి వెయ్యి తగ్గిస్తే రాబడి సగానికి దగ్గరగా పోతుంది, పైగా తగ్గించిన సంగతి సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. రేటు కదపకుండా బ్యాగో మౌసో చేతిలో పెట్టేస్తే షాపతనికి రెండు మూడు వందలతో పోతుంది, కొన్నవాడికి గెలిచిన తృప్తి ఉంటుంది, పోస్టులో అంకె నిలబడుతుంది.

కొత్తప్పుడు ఇది ఎంతో చెప్పి, దాని మీద గీత కొట్టి, పక్కన 18,500 రాసే పద్ధతి ఒకటుంది. ఏళ్ల కిందటి మోడలుకి అప్పటి ధర చూపించడం వల్ల చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. అదే డబ్బుకి ఈరోజు ఇంకేం వస్తుందన్నదే అతనికి కావాలి. దానికి పోస్టులో "పెద్ద గేములకి పనికిరాదు" అన్న వరస ఎక్కువ సాయం చేస్తుంది.

లోపం ఎలా చెప్పాలి

"కండిషన్ సూపర్" అన్నది సమాచారం కాదు. 75% అన్నది సమాచారం, అది ఎలా తెలిసిందో చూపిస్తే ఇంకా బాగుంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టాలి:

```
powercfg /batteryreport
```

ఒక ఫైలు తయారవుతుంది, ఎక్కడ దాచిందో కిందే చెబుతుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే రెండు అంకెలు కావాలి. `DESIGN CAPACITY` అంటే బ్యాటరీ కొత్తప్పుడు ఎంత పట్టేదో అది, `FULL CHARGE CAPACITY` అంటే ఇప్పుడు నిండుగా ఎక్కిస్తే ఎంత పడుతుందో అది. మన ఉదాహరణలో మొదటిది 68,000, రెండోది 51,000. 51,000ని 68,000తో భాగిస్తే 75 శాతం. ఆ రెండు అంకెలూ కనబడేలా తెర ఫొటో తీసి పోస్టులో మూడో ఫొటోగా పెట్టాలి.

కొనని 637 మందిలో చాలామంది ఇళ్లలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. ఈ ఫొటో చూసి కొందరు తమ దాంట్లో అదే కొట్టి చూసుకుంటారు. నలభై శాతం వచ్చినవాడు బ్యాటరీ మార్చడానికి ఎవరి దగ్గరికి వస్తాడో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో షాపులో కొనబోయేవాడు కూడా అక్కడ ఇదే అడుగుతాడు. అడిగితే చూపించలేని షాపుకీ, అడగకుండానే చూపించే ఈ షాపుకీ తేడా జనమే చెప్పుకుంటారు.

తరం సంగతి కూడా ఇలాంటిదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటెల్ ప్రాసెసర్లలో విండోస్ 11కి అధికారికంగా పనికొచ్చేవి సాధారణంగా 8వ తరం నుంచి. అందుకే 6, 7 తరాల ల్యాప్‌టాప్‌లు చవగ్గా దొరుకుతున్నాయి, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. "ఐ5 ల్యాప్‌టాప్, అదిరిపోయే రేటు" అని రాసి తరం చెప్పని పోస్టు చూస్తే అనుమానించవలసిందే. 7వ తరందే అమ్ముతుంటే తప్పేమీ లేదు, బిల్లింగుకో సినిమాలకో అయితే చాలామందికి సరిపోతుంది. పోస్టులో ఆ సంగతి రాసి, రేటు దానికి తగ్గట్టు ఉంటే చాలు.

వాడిన ఫోను అయితే బ్యాటరీ కంటే ముందు చూడవలసింది అది దొంగ ఫోనా కాదా అన్నది. `*#06#` కొడితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. `KYM` అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి ఎస్‌ఎంఎస్ చేస్తే ఆ ఫోను వివరం, బ్లాక్ అయి ఉంటే ఆ సంగతీ తిరిగి వస్తాయి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సేవల్లో ఇది ఒకటి. ఆ జవాబు ఫొటో పోస్టులో పెట్టేటప్పుడు ఐఎంఈఐ చివరి ఆరు అంకెలూ చెరిపెయ్యాలి. నంబరు మొత్తం బయట పెడితే ఎవడో దాన్ని ఎత్తుకుపోయి ఇంకోచోట వాడుకోవచ్చు.

మెసేజ్ వచ్చాక

పోస్టు మొదట్లో ఉన్న L3 అన్న కోడు ఊరికే పెట్టింది కాదు. పోస్టు చివర ఇలాంటి లింకు ఉండాలి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=L3
```

X ల స్థానంలో షాపు నంబరు. దీన్ని నొక్కితే షాపు వాట్సాప్ తెరుచుకుని, రాసే గడిలో L3 అని ముందే ఉంటుంది. పంపు నొక్కడమే మిగులుతుంది. "అన్నా, మొన్న పెట్టావే నల్లది, అది ఉందేటి?" అన్న మెసేజ్‌కీ, "L3" అన్న మెసేజ్‌కీ షాపతనికి చాలా తేడా ఉంది. మొదటిదానికి ఏ నల్లదో తేల్చుకోడానికే నాలుగు మెసేజ్‌లు పడుతుంది. రెండోదానికి ఒక్క జవాబు చాలు: "ఉంది బాబూ, రెండు మిగిలాయి, షాపుకి వస్తావా, అడ్వాన్సు వేస్తావా?" పైగా ఏ పోస్టుకి ఎన్ని మెసేజ్‌లొచ్చాయో రాత్రి కూర్చుని వెతికి లెక్కపెట్టుకోవచ్చు.

గొడవ వచ్చేది ఇద్దరు ఒకే వస్తువు అడిగినప్పుడు. "నేను ముందు మెసేజ్ పెట్టాను కదా అన్నా" అని గుణుపురం కాలేజీ కుర్రాడు, "నేను డబ్బులేశాను" అని ఇంకొకడు. నియమం పోస్టులోనే ఉంది కాబట్టి వాదన లేదు. అడ్వాన్సు పడ్డ క్షణం పోస్టులో "3 ఉన్నాయి" అన్నది "2 ఉన్నాయి" అని దిద్దాలి. ఛానెల్ పోస్టుని దిద్దితే ఎవరి ఫోనూ మోగదు, కాబట్టి ఎన్నిసార్లు దిద్దినా ఇబ్బంది లేదు.

పార్వతీపురం నుంచో పాతపట్నం నుంచో ఎవరైనా కొరియర్‌లో పంపమంటే అక్కడ ఒక మెలిక ఉంది. ఒడిశా నుంచి ఆంధ్రాకి సరుకు పంపడం రాష్ట్రం దాటిన అమ్మకం. ఏడాదికి 40 లక్షల లోపు అమ్మకాలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న వెసులుబాటు దానికి చెల్లదు. రిజిస్ట్రేషన్ లేని షాపు "ఎక్కడికైనా పంపుతాం" అని పోస్టులో రాసుకోకూడదు. "షాపుకి వచ్చి చూసి తీసుకెళ్లండి" అనడం వాడిన సరుకుకి ఎలాగూ మంచిదే.

ముగింపు కబురు

ఛానెళ్లలో ఎక్కువమంది వదిలేసే పని ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పనీ ఇదే. వస్తువు అమ్ముడైపోయాక పోస్టు తీసేస్తారు, లేదా అలాగే వదిలేస్తారు. వదిలేస్తే వారం తర్వాత చూసినవాడు మెసేజ్ పెట్టి "అయిపోయింది" అనిపించుకుంటాడు. రెండుసార్లు అలా అనిపించుకున్నవాడు మూడోసారి అడగడు. తీసేస్తే ఛానెల్ తెరిచిన కొత్తవాడికి ఈ షాపు ఏం అమ్మిందో, ఏ రేటుకి అమ్మిందో ఏమీ కనబడదు.

తియ్యకుండా మొదటి వరస దిద్దాలి: "అయిపోయింది – L3 – డెల్ లాటిట్యూడ్ 5490, ₹18,500. రెండు శనివారం, ఒకటి ఆదివారం వెళ్లాయి." ఇప్పుడు ఆ పోస్టు ఒక ధరల పుస్తకంలో పేజీ. ఆరు నెలల పోస్టులు అలా ఉంటే ఎవరైనా వెనక్కి వెళ్లి, ఏ వస్తువు ఎంతకి పోయిందో, ఎంత తొందరగా పోయిందో చూసుకోవచ్చు. రెండు రోజుల్లో మూడూ పోయాయని తెలిసినవాడు ఈసారి ఫోను మోగగానే చూస్తాడు. "త్వరపడండి" అని అరవడం వల్ల రాని తొందర అలా వస్తుంది.

అరుపుల సంగతికి చట్టం వైపు కూడా ఒక మాట చెప్పాలి. పదిహేను ఉంటే "రెండే మిగిలాయి" అని రాయడం చాలామందికి వ్యాపార చాతుర్యంలా కనబడుతుంది. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన డార్క్ పాటర్న్స్ మార్గదర్శకాల్లో, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని మాయచేసే ఎత్తుగడల జాబితాలో, మొదట పేర్కొన్నదే ఈ దొంగ తొందర. 2022 నాటి తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు, ఆ ధరకి అమ్మే ఉద్దేశం లేకుండా ఎర వేసే ప్రకటనల్ని కూడా పట్టించుకుంటాయి. చిన్న షాపు మీదికి ఎవరొస్తార్లే అనుకోవచ్చు గానీ చిన్న ఊళ్లో అబద్ధం బయటపడడానికి అధికారి రానక్కర్లేదు. రెండే ఉన్నాయన్న షాపుకి సాయంత్రం వెళ్లినవాడికి వెనక అట్టపెట్టెలు కనబడతాయి.

దిద్దడం దగ్గర ఒక పరిమితి ఉంది. ఛానెల్‌లో పోస్టు దిద్దితే, అప్పటికే వేరే గ్రూపుల్లోకి ఫార్వర్డ్ అయిన కాపీలు మారవు. బొబ్బిలిలో ఏదో గ్రూపులో "3 ఉన్నాయి" అని అలాగే ఉంటుంది. అందుకే పోస్టులో తేదీ, టైము స్పష్టంగా రాయడం. "ఈరోజు రాత్రి వరకు" అని రాస్తే పది రోజుల తర్వాత చదివినవాడికి అది ఏ రోజో తెలియదు. ఫొటో ఒక్కటే స్క్రీన్‌షాట్‌గా తిరుగుతుంది కాబట్టి మొదటి ఫొటో మూల కోడు, రేటు, తేదీ కూడా వేస్తే ఇంకా నయం.

చదవడం రానివాళ్లు

ఈ సరిహద్దులో ఒక సంగతి బయటివాళ్లకి తట్టదు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుర్రాళ్లలో చాలామంది ఒడియా మీడియంలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నారు. తెలుగు చక్కగా అర్థమవుతుంది, అక్షరాలు కూడబలుక్కోవాలి. అమ్మానాన్నలది మరోరకం, తెలుగు చదవగలరు గానీ ఫోనులో ఏడు వరసల పోస్టు చదివే ఓపిక ఉండదు. అంతా తెలుగులో రాస్తే సగంమంది జారిపోతారు, అంతా ఒడియాలో రాస్తే తెలుగు ఇళ్ల పెద్దవాళ్లు జారిపోతారు.

దీనికి నాకు కనిపించిన మంచి దారి ఇరవై, ముప్ఫై సెకన్ల వీడియో. ల్యాప్‌టాప్ చేత్తో తిప్పుతూ, గీతలు వెలుతురులో చూపిస్తూ, తెలుగులో మాట్లాడాలి: "ఇదిగో మూత మీద గీతలు, తెర బాగానే ఉంది, మీటలన్నీ పనిచేస్తున్నాయి, పద్దెనిమిది వేల ఐదొందలు." వీడియో కింద రాత పైన చూపించిన పోస్టే, రేటూ తేదీ అంకెల్లో ఉంటాయి కాబట్టి ఎవరైనా పోల్చుకుంటారు. వస్తువు పేరు, రేటు, గడువు ఉన్న ఒక్క వరస ఒడియాలో కలిపితే సరిపోతుంది. వీడియో చిన్న సైజులో పెట్టాలి. బిసంకటక్ దాటి లోపలి ఊళ్లలో సిగ్నల్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

అంకెలు ఏం చెబుతాయి

టెలిగ్రామ్ ప్రతి పోస్టు కింద కన్ను గుర్తు పక్కన చూసినవాళ్ల లెక్క చూపిస్తుంది. ఫార్వర్డ్ అయిన కాపీలు చూసినవాళ్లు కూడా అందులో కలుస్తారు. కాబట్టి 640 మంది ఛానెల్‌లో ఒక పోస్టుకి 900 వ్యూలు వచ్చాయంటే అందరూ చూశారని కాదు, ఎవరో పెద్ద గ్రూపులో వేశారని. మురిసిపోయే ముందు ఛానెల్ గణాంకాల పేజీ తెరిస్తే ఇంకా పనికొచ్చేవి రెండు కనబడతాయి. ఒకటి, ఎంత శాతం మందికి నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో. రెండు, ఏ రోజు ఎంతమంది చేరారు, ఎంతమంది వెళ్లారో.

వీటిని కోడు మెసేజ్‌లతో కలిపి చదవాలి. వ్యూలు బాగున్నాయి, కోడు మెసేజ్‌లు తగ్గాయి అంటే సరుకులోనో రేటులోనో తేడా ఉంది, పోస్టు రాతని తిట్టుకుని లాభం లేదు. వ్యూలు పడుతున్నాయి, నోటిఫికేషన్ల శాతం కూడా పడుతోంది అంటే మ్యూట్ రోగం మొదలైంది, పోస్టులు ఎక్కువయ్యాయి. ఇలాంటి షాపుకి వారానికి మోగే పోస్టులు నాలుగు దాటడం నాకు ఎక్కువే అనిపిస్తుంది. ఒక పోస్టు పెట్టిన మర్నాడు పదిమంది వెళ్లిపోయారంటే ఆ పోస్టుని మళ్లీ తీసి చూడాలి. చాలాసార్లు అది షాపుకి సంబంధం లేని ఫార్వర్డే అయి ఉంటుంది.

వాట్సాప్ ఛానెల్ నడిపేవాళ్లకి ఈ లెక్కలు కొంచెం మారతాయి. అక్కడ ఛానెల్‌లో చేరినవాళ్లకి కబుర్లు మొదటి నుంచే మ్యూట్‌లో ఉంటాయి, వాళ్లు గంట గుర్తు నొక్కితేనే మోగుతుంది. చరిత్ర 30 రోజులే సర్వర్లలో ఉంచుతామని వాట్సాప్ మొదట్లోనే చెప్పింది, కాబట్టి ధరల పుస్తకంలా పనికొస్తుందన్న ఆశ పెట్టుకోలేం. కొనేవాళ్లు ఎక్కువమంది అక్కడే ఉన్నారు కాబట్టి మానుకోమని అనను, రెండూ నడుపుకోవచ్చు. ధరల చరిత్ర మాత్రం టెలిగ్రామ్‌లో ఉండాలి.

మిగిలిపోయిన మూడోది

పైన మూడూ అమ్ముడైనట్టు చెప్పాను. ఎప్పుడూ అలా జరగదు. ఆదివారం రాత్రి 9 అయింది, రెండే పోయాయి, ఒకటి మిగిలింది అనుకుందాం.

వెంటనే చేసే పని "చివరి పీసు, 17,000కే" అని మళ్లీ మోగించడం. ఇందులో 850 మిగలచ్చు గానీ, శనివారం 18,500 పెట్టినవాళ్లిద్దరూ అదే ఛానెల్‌లో ఉన్నారు, వాళ్లూ చూస్తారు. మిగతా 638 మందికి అంతకంటే చెడ్డ పాఠం అందుతుంది: గడువు దాటే దాకా ఆగితే ఇతనే దించుతాడు. వచ్చే నెల నుంచి శుక్రవారం పోస్టుకి ఎవరూ కదలరు, సోమవారం కోసం చూస్తారు.

చెప్పిన టైముకి పోస్టు మూసెయ్యాలి: "రెండు వెళ్లాయి, ఒకటి మిగిలింది. ఈ రేటు ముగిసింది." మిగిలినది షాపులో అదే రేటుకి, ఛానెల్ ఊసు లేకుండా, బల్ల మీద ఉంటుంది. దారిన పోయేవాడు కొంటే కొన్నాడు. రెండు మూడు వారాలైనా కదలకపోతే ర్యామ్ పెంచి, కొత్త కోడుతో, కొత్త రేటుతో, కొత్త వస్తువులా పెట్టాలి. అప్పుడు పాత రేటుతో పోల్చడానికి వీలుండదు, శనివారం కొన్నవాళ్లకీ మోసపోయామని అనిపించదు.

తప్పనిసరిగా దించవలసి వస్తే, అంటే డబ్బు ఆడక అమ్మేసుకోవాలంటే, ఆ మాటే పోస్టులో రాసి, ముందు కొన్న ఇద్దరికీ ఫోను చేసి చెరో మౌస్ గానీ, గ్యారంటీ ఇంకో రెండు నెలలు గానీ ఇచ్చి, ఆ సంగతి కూడా పోస్టులో ఒక వరసలో పెట్టాలి. వెయ్యి రూపాయల లోపు ఖర్చు.